ఎండ దెబ్బా, కిడ్నీ జబ్బా? యూరియా, క్రియాటినిన్ నిష్పత్తి చెప్పేదెంత

మే నెలలో శ్రీకాకుళం జిల్లా కవిటి వైపు ఒకే ల్యాబ్ నుంచి ఇద్దరు మగవాళ్ల రిపోర్టులు వచ్చాయనుకుందాం. ఇద్దరికీ బ్లడ్ యూరియా 92. మొదటి వ్యక్తికి 38 ఏళ్లు, క్రియాటినిన్ 1.9. రెండో వ్యక్తికి 46 ఏళ్లు, క్రియాటినిన్ 4.3. రెండు కాగితాల మీదా రెండు అంకెల పక్కనా ఎక్కువగా ఉందని గుర్తు పడుతుంది. ఉద్దానంలో ఆ గుర్తు చూడగానే ఇంటిల్లిపాదికీ డయాలసిస్ గుర్తొస్తుంది. అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఈ జబ్బుతో మనిషిని పోగొట్టుకున్న ఇల్లు తెలియని వాళ్లు అరుదు. అయితే ఈ ఇద్దరిలో మొదటి వ్యక్తి కిడ్నీలకు దాదాపుగా ఏమీ కాలేదు. అతని ఒంట్లో నీళ్లు అయిపోయాయి. రెండో వ్యక్తి కిడ్నీలు ఎప్పటినుంచో దెబ్బతింటూ వచ్చాయి. ఈ తేడాను ఉన్న రెండు అంకెల్లోంచే పట్టుకోవడానికి డాక్టర్లు వాడే లెక్కే బీయూఎన్, క్రియాటినిన్ నిష్పత్తి.

లెక్క చిన్నదే. కానీ మన దగ్గర దాన్ని తప్పుగా వేయడానికి ఒక కారణం సిద్ధంగా ఉంది. బీయూఎన్ అంటే యూరియాలో ఉన్న నైట్రోజన్ బరువు మాత్రమే. అమెరికాలో ల్యాబ్‌లు ఆ అంకెనే ఇస్తాయి కాబట్టి పుస్తకాల్లోని హద్దులన్నీ దాని మీదే ఉంటాయి. మన ల్యాబ్‌లలో ఎక్కువ భాగం బ్లడ్ యూరియా ఇస్తాయి, అంటే మొత్తం యూరియా బరువు. యూరియా అణువు బరువు 60 అయితే అందులో నైట్రోజన్ వాటా 28. కాబట్టి మన రిపోర్టులోని అంకెను ముందు 2.14తో భాగించాలి, ఆ వచ్చినదాన్ని క్రియాటినిన్‌తో భాగించాలి.

```
బీయూఎన్ = బ్లడ్ యూరియా ÷ 2.14
నిష్పత్తి = బీయూఎన్ ÷ క్రియాటినిన్
```

మామూలు మనిషికి ఈ నిష్పత్తి 10కీ 20కీ మధ్య ఉంటుంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు 20 దాటుతుంది. కిడ్నీ కణజాలమే దెబ్బతిన్నప్పుడు 10, 15 దగ్గర తిరుగుతుంది, ఒక్కోసారి ఇంకా దిగువకు పోతుంది. ఇప్పుడు ఆ ఇద్దరి లెక్క వేద్దాం. 92ను 2.14తో భాగిస్తే 43. మొదటి వ్యక్తికి 43 భాగించు 1.9, అంటే దాదాపు 23. రెండో వ్యక్తికి 43 భాగించు 4.3, సరిగ్గా 10.

2.14 సంగతి మరిచిపోయి యూరియానే నేరుగా భాగిస్తే ఏమవుతుందో చూడండి. రెండో వ్యక్తికి 92 భాగించు 4.3, అంటే 21 పైన వస్తుంది. పుస్తకంలో 20 దాటితే నీటి కొరత అని ఉంది కదా అని అతనికి సెలైన్ ఎక్కిస్తారు. కిడ్నీలు నీటిని బయటికి పంపలేని మనిషికి సీసాల మీద సీసాలు ఎక్కిస్తే ఆ నీరు కాళ్లలోకీ, ఊపిరితిత్తుల్లోకీ చేరుతుంది. రాత్రికి పడుకుంటే ఊపిరాడదు. అంతెందుకు, ఏ జబ్బూ లేని మనిషికి యూరియా 28, క్రియాటినిన్ 0.9 ఉంటే తప్పుడు లెక్కలో 31 వస్తుంది. సరైన లెక్కలో 14 పై చిలుకే. అందుకే ఏ లెక్కకైనా ముందు కాగితం మీద రాసి ఉన్నది యూరియానా, బీయూఎన్‌నా అని చూడాలి. ఇప్పుడు కొన్ని ల్యాబ్‌లు రెండూ ఇస్తున్నాయి, నిష్పత్తి కూడా వాళ్లే వేసి ఇస్తున్నాయి. అప్పుడు మళ్లీ 2.14తో భాగిస్తే తప్పు రెండో వైపుకు పోతుంది.

ఇంతకీ నీరు తగ్గినప్పుడు యూరియా ఒక్కటే అంతలా ఎందుకు పెరుగుతుంది? రెండూ వ్యర్థాలే, రెండూ కిడ్నీ వడపోతలోంచే దిగుతాయి. తేడా వడపోత తర్వాత మొదలవుతుంది. మనం తిన్న మాంసకృత్తులు విరిగినప్పుడు పుట్టే అమ్మోనియాను కాలేయం యూరియాగా మారుస్తుంది. అది రక్తంలోంచి కిడ్నీలోకి వడకట్టి దిగాక అందులో దాదాపు సగం, కిడ్నీలోని సన్నని నాళికల గోడల్లోంచి మళ్లీ రక్తంలోకి వచ్చేస్తుంది. క్రియాటినిన్ కండరాల్లోంచి రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో వస్తుంది. అది వడపోతలో దిగితే మళ్లీ వెనక్కి రాదు, పైగా నాళికలే ఇంకొంచెం క్రియాటినిన్‌ను మూత్రంలోకి తోస్తాయి.

ఎండలో చెమట పోయి, విరేచనాలు పట్టి, రక్తనాళాల్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీ ఉన్న నీటిని వదలకుండా పట్టుకోవడానికి చూస్తుంది. ఉప్పునూ నీటినీ నాళికల్లోంచి వెనక్కి లాగుతుంది. నీరు వెనక్కి పోతే నాళికలో మిగిలిన యూరియా చిక్కబడి అది కూడా గోడ దాటి రక్తంలోకి జారుతుంది. పైనుంచి మెదడు విడుదల చేసే ఏడీహెచ్ అనే హార్మోను నాళికల చివరి భాగంలో యూరియాకు దారి ఇంకా తెరుస్తుంది. వడపోత కూడా కొంత మందగిస్తుంది కాబట్టి క్రియాటినిన్ పెరుగుతుంది గానీ, యూరియాకు రెండు వైపులా పెరుగుదలే: దిగేది తగ్గింది, వెనక్కి వచ్చేది పెరిగింది. నిష్పత్తి 20 దాటడానికి కారణం అదే. దీన్నిబట్టి ఇంకో సంగతి అర్థమవుతుంది. నిష్పత్తి పెరిగిందంటే నాళికలు బాగా పనిచేస్తున్నాయన్న మాట. నీటిని వెనక్కి లాగే శక్తి వాటికి ఇంకా ఉంది. నాళికలే దెబ్బతింటే వాటికి ఆ శక్తి ఉండదు, యూరియా కూడా క్రియాటినిన్‌తో పాటే మెల్లగా పెరుగుతుంది, నిష్పత్తి 10, 15 దగ్గరే ఆగిపోతుంది.

మొదటి వ్యక్తి సంగతికి వద్దాం. జీడిగింజలు ఏరే రోజులు. తెల్లవారుజామున కాస్త చోడి అంబలి తాగి తోటకు పోయాడు. మధ్యాహ్నం దాకా ఒక్క సీసా నీళ్లతో గడిపాడు. ముందు రోజు రాత్రి నుంచే విరేచనాలు ఉన్నాయి. సాయంత్రానికి వాంతులు కూడా మొదలై, లేచి నిలబడితే కళ్లు తిరిగాయి. ఆసుపత్రికి తెచ్చేసరికి బీపీ 96/60, నాడి నిమిషానికి 112, నాలుక పిడచగట్టుకుపోయింది. పొద్దుటి నుంచి ఒక్కసారే మూత్రం వచ్చింది, అదీ ముదురు పసుపు రంగులో కొద్దిగా. ఈ వివరాలన్నీ నిష్పత్తి కంటే ముందే నీటి కొరతను చెబుతున్నాయి. 23 అనే అంకె వాటికి సాక్ష్యం పలికింది. మూత్ర పరీక్షలో సాంద్రత 1.028 వచ్చింది. 1.020 దాటిందంటే కిడ్నీ మూత్రాన్ని చిక్కబరచగలుగుతోందని అర్థం. మూత్రంలో సోడియం పరీక్ష చేయించగలిగిన చోట అది 20 కంటే తక్కువ రావాలి, ఉప్పును కిడ్నీ వదలడం లేదని దానర్థం.

వాంతులు ఆగకపోవడంతో ఓఆర్‌ఎస్ నోటితో నిలవదు, సెలైన్ పెట్టారు. ఇక్కడి నుంచి కాగితం మీది అంకె కన్నా మూత్రం సంచీ ముఖ్యం. 56 కిలోల మనిషికి గంటకు కనీసం 30 మిల్లీలీటర్ల మూత్రం రావాలి. అతనికి నాలుగైదు గంటల్లో ఆ ధార మొదలైంది. రెండు రోజుల తర్వాత యూరియా 41, క్రియాటినిన్ 1.1. లెక్క వేస్తే నిష్పత్తి 17. నీటి కొరత అని ఖాయంగా చెప్పింది ఈ రెండో రిపోర్టే. మొదటి రిపోర్టులోని 23 ఒక అనుమానం, అంతే. నీరు ఎక్కించాక ఒకటి నుంచి మూడు రోజుల్లో క్రియాటినిన్ పాత అంకెకు చేరువైతే అది ఒంటి నీటి సమస్య. నీరు సరిపడా ఎక్కి, బీపీ నిలబడి, అయినా మూడో రోజుకు క్రియాటినిన్ కదలకపోతే, లేదా పెరిగితే, నాళికలు దెబ్బతిన్నాయని అనుకోవాలి. నీటి కొరతను ఎక్కువ సేపు వదిలేస్తే జరిగేది కూడా అదే. రక్తం అందక నాళికల కణాలు చనిపోవడం మొదలవుతుంది. అప్పుడు మూత్రాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే బురద రంగులో గొట్టాల్లాంటి ముద్దలు కనిపిస్తాయి.

రెండో వ్యక్తికి వాంతులు లేవు, విరేచనాలు లేవు. కొన్ని నెలలుగా నీరసం, ఆకలి లేకపోవడం, రాత్రిళ్లు రెండు మూడు సార్లు మూత్రానికి లేవడం ఉన్నాయి. బీపీ తక్కువగా లేదు. హిమోగ్లోబిన్ 9, స్కానింగ్‌లో కిడ్నీలు రెండూ ఎనిమిది సెంటీమీటర్ల లోపే. పెద్దవాళ్ల కిడ్నీ సాధారణంగా 9 నుంచి 12 సెంటీమీటర్ల పొడవుంటుంది. మూత్ర సాంద్రత 1.010, అంటే నీటిని చిక్కబరిచే శక్తి పోయింది. ఇవన్నీ ఒక దిక్కే చూపిస్తుంటే నిష్పత్తి 10 రావడంలో ఆశ్చర్యం లేదు. ఉద్దానంలో మాత్రం ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఇక్కడి జబ్బు ఎక్కువగా నాళికలనూ వాటి చుట్టూ ఉన్న కణజాలాన్నీ పట్టే రకం, దీనికి అసలు కారణం ఏమిటన్నది ఇంకా తేలలేదు. ఇలాంటి జబ్బులో మూత్రంలో ప్రొటీన్ ఎక్కువగా పోదు. స్ట్రిప్ పరీక్షలో ప్రొటీన్ లేదని వస్తే కిడ్నీ బాగుందని తేల్చేయడం పొరపాటు.

ఇంతవరకూ చెప్పిన రెండు రిపోర్టులూ ఎంచి పెట్టినట్టు ఉన్నాయి. నిజంగా వచ్చే రిపోర్టులు చాలావరకు అలా ఉండవు. నిష్పత్తిలో రెండు అంకెలున్నాయి, ఆ రెంటిలో దేనినైనా కిడ్నీతో సంబంధం లేని కారణం కదపగలదు.

యూరియాను పైకి తోసేవాటిలో మనకు ముఖ్యమైనది పొట్టలో రక్తస్రావం. పొట్టలోకి కారిన రక్తం కూడా జీర్ణమయ్యే మాంసకృత్తే, దానివల్ల యూరియా ఎగబాకుతుంది, నిష్పత్తి 30 దాటిపోవచ్చు. పని చేసి వచ్చి ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు రోజూ వేసుకునే వాళ్లలో ఈ రక్తస్రావం జరగడం తెలిసిందే. మలం నల్లగా తారులా వస్తోందా అని అడగకుండా నిష్పత్తిని చదవకూడదు. అదే మాత్రకు ఇంకో దెబ్బ కూడా ఉంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం తెచ్చే నాళాన్ని తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు. నొప్పి మాత్ర వాటినే ఆపేస్తుంది. ఎండ పడిన రోజున వేసుకున్న మాత్ర, తేరుకోగలిగిన కిడ్నీని తేరుకోలేని దిశగా నెడుతుంది. తోట నుంచి వచ్చిన మనిషి గురించి ఇంట్లో వాళ్లు డాక్టరుకు చెప్పాల్సిన మొదటి సంగతి ఇదే అయి ఉండాలి. నొప్పుల పొట్లాల్లో స్టెరాయిడ్ మాత్ర కలిసి ఉంటే అది కూడా ఒంటి మాంసకృత్తులను విరిచి యూరియాను పెంచుతుంది.

క్రియాటినిన్ వైపు చూస్తే, అది కండరాల నుంచి వచ్చేది కాబట్టి కండ తక్కువ ఉన్న మనిషిలో తక్కువగానే ఉంటుంది. ఎముకల గూడులా చిక్కిపోయిన ముసలమ్మకు యూరియా 30, క్రియాటినిన్ 0.5 ఉంటే నిష్పత్తి 28 వస్తుంది. ఆమెకు నీటి కొరత ఉండనక్కర్లేదు. ఇంకా మోసం చేసేది దీనికి ఎదురు పరిస్థితి. ఎండలో బరువు పని చేసి వడదెబ్బ తగిలిన మనిషికి కండరాలు చితికిపోవచ్చు. అప్పుడు క్రియాటినిన్ ఒక్కసారిగా పెరుగుతుంది, నీటి కొరత తీవ్రంగా ఉన్నా నిష్పత్తి 10 లోపే కనబడుతుంది. మూత్రం నల్ల టీ రంగులో వస్తోందంటే, కండరాల నొప్పి ఉందంటే, కండరాలు చితికాయో లేదో చెప్పే సీపీకే రక్త పరీక్ష చేయించాలి. అతనికి నీరు అవసరమే, అదీ చాలా అవసరం. నిష్పత్తి తక్కువుంది కదా అని ఆపితే నష్టం జరుగుతుంది.

తిండి కూడా లెక్కను మారుస్తుంది. వారం రోజులుగా గంజి తప్ప ఏమీ తినని మనిషిలో, లేదా కాలేయం పాడైన మనిషిలో యూరియా పుట్టడమే తక్కువ. అతనికి నీరు ఎంత పోయినా నిష్పత్తి 20 దాటకపోవచ్చు. మరోవైపు వయసు మళ్లిన మగవాళ్లలో ప్రోస్టేట్ వాచి మూత్రం ఆగిపోతే, మొదట్లో నిష్పత్తి 20 దాటి నీటి కొరతలాగే కనిపిస్తుంది. అతనికి సెలైన్ కాదు కావలసింది, మూత్రానికి గొట్టం. పొత్తికడుపు మీద చెయ్యి వేస్తే నిండిన మూత్రాశయం తెలుస్తుంది, స్కానింగ్ తీస్తే నిర్ధారణ అవుతుంది.

ఉద్దానంలో అన్నింటికంటే చిక్కు తెచ్చే మనిషి మూడోవాడు. అతనికి కిడ్నీ జబ్బు ముందే ఉంది, దాని మీద ఎండ పడింది. ఇలాంటి వాళ్లే ఇక్కడ వేసవిలో ఆసుపత్రి మెట్లెక్కేది, అందుకే నిష్పత్తి గురించి మాట్లాడితే వాళ్ల గురించే ఎక్కువ మాట్లాడాలి. జనవరిలో అతని క్రియాటినిన్ 2.4, యూరియా 58 అనుకుందాం. నిష్పత్తి 11. మే నెలలో రెండు రోజులు వాంతులై వస్తే యూరియా 150, క్రియాటినిన్ 3.9. లెక్క వేస్తే 70 భాగించు 3.9, అంటే 18. ఇది 20 దాటలేదు, 10 దగ్గరా లేదు. పుస్తకం హద్దుల్లో పెట్టి చూస్తే మామూలుగా ఉన్నట్టే. కానీ ఈ మనిషి తన పాత 11 నుంచి 18కి ఎగబాకాడు. అతని నాళికలు సగం దెబ్బతిని ఉన్నాయి కాబట్టి, నీరు ఎంత తగ్గినా ఆరోగ్యవంతుడిలా యూరియాను వెనక్కి లాగలేవు. 23, 25 అతని నుంచి ఆశించకూడదు. అతనికి అతని పాత అంకెతోనే పోలిక.

జనవరి కాగితం చేతిలో లేకపోతే ఈ డాక్టరుకు రెండు దారులు కనిపిస్తాయి, రెంటిలోనూ ప్రమాదం ఉంది. జబ్బు ముదిరి 3.9కి చేరిందనుకుంటే డయాలసిస్ మాట ఎత్తుతారు. ఒట్టి నీటి కొరత అనుకుంటే, ఆరోగ్యవంతుడికి ఎక్కించినట్టు లీటర్ల కొద్దీ ఎక్కిస్తారు. కాగితం ఉంటే మూడో దారి తెలుస్తుంది. 250, 500 మిల్లీలీటర్ల చొప్పున కొంచెం కొంచెంగా సెలైన్ ఇచ్చి, ప్రతిసారీ బీపీ, మూత్రం, ఊపిరితిత్తుల్లో గురగుర, మెడ నరాలు చూస్తూ పోవడం. బీపీకి వాడే ఏసీఈ మాత్రలు, నీరు తీసే మాత్రలు ఉంటే వాంతులు తగ్గేదాకా డాక్టరు వాటిని ఆపిస్తారు. పొటాషియం పరీక్ష వెంటనే చేయాలి, ఎందుకంటే ఇలాంటి మనిషిలో అది గుండెను ఆపేంత పెరగవచ్చు. కొబ్బరి తోటల నడుమ బతికే ఈ ప్రాంతంలో వాంతులు, విరేచనాలు అనగానే కొబ్బరి నీళ్లు తాగించడం అలవాటు. వాటిలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు బాగున్న మొదటి వ్యక్తికి అవి పర్వాలేదు గానీ ఇతనికి వద్దు.

మూడు రోజుల తర్వాత ఇతని అంకెలు యూరియా 66, క్రియాటినిన్ 2.6 అయ్యాయనుకుందాం. నిష్పత్తి 12. అంటే 3.9లో పైకి ఎక్కిన 1.5లో 1.3 దాకా నీటి వల్లే వచ్చింది, నీటితో పోయింది. మిగిలిన 0.2 మాట ఇప్పుడే తేలదు. క్రియాటినిన్ ఒక రోజు నుంచి మరో రోజుకు ఆ మాత్రం అటూ ఇటూ అవుతూనే ఉంటుంది, ల్యాబ్ మారితే ఇంకా తేడా రావచ్చు. అందుకే వీలైనంత వరకు అదే ల్యాబ్‌లో, ముందు రోజు రాత్రి మాంసం తినకుండా చేయించాలి. ఉడికించిన మాంసంలో క్రియాటినిన్ ఉంటుంది, భోజనం తర్వాత కొన్ని గంటల పాటు రక్తంలో దాని అంకె పెరుగుతుంది.

మొదటి వ్యక్తి సంగతి కూడా 1.1 దగ్గర ముగిసిపోలేదు. కిడ్నీ జబ్బు దీర్ఘకాలికమా కాదా అని చెప్పడానికి డాక్టర్లు పెట్టుకున్న గడువు మూడు నెలలు. ఆగస్టులో అతను మళ్లీ యూరియా, క్రియాటినిన్ చేయించుకున్నప్పుడు క్రియాటినిన్ 0.9, 1.0 దగ్గర వస్తే మే నెలలో జరిగింది నీటి కొరతే. విరేచనాలు లేవు, ఎండ లేదు, బాగా తిని తాగుతున్నాడు, అయినా క్రియాటినిన్ 1.4 ఉండి నిష్పత్తి 11 చూపిస్తే, స్కానింగుకూ కిడ్నీ డాక్టరు దగ్గరకూ వెళ్లాలి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి కాబట్టి దానికి విశాఖ దాకా పోనక్కర్లేదు. వెళ్లేటప్పుడు మే నెల రిపోర్టులు రెండూ, నీరు ఎక్కించక ముందుదీ ఎక్కించిన తర్వాతదీ, తేదీలు కనిపించేలా వెంట తీసుకెళ్లాలి. వాట్సాప్‌లో ఫోటో ఉన్నా చాలు, యూరియా పక్కన రాసి ఉన్న పేరు కూడా ఫోటోలో పడాలి.